ఇంటర్వెల్ తర్వాత హీరోయిన్‌కు ఏం కావాలి?

ప్రశ్న: నా స్క్రిప్టు 120 పేజీలు. బాయిలర్ పేలుడులో చనిపోయిన అన్న రఘు మీద, సేఫ్టీ వాల్వ్ పరీక్ష చేయలేదని కంపెనీ నింద వేస్తుంది. ఆ నిందను తుడిచేయాలని చెల్లెలు హేమ చేసే పోరాటం కథ. 60వ పేజీలో ముఖ్య సాక్షి మాట మారుస్తాడు, అక్కడే ఇంటర్వెల్. ట్విస్టు బాగుందంటున్నారు కానీ సెకండాఫ్ సాగుతోందని అందరూ చెబుతున్నారు. మిడ్‌పాయింట్‌లో హీరోయిన్ కోరికే మారాలని ఎక్కడో చదివాను. అది ఎలా చేయాలి?

సమాధానం:

మీ సాక్షి మాట మార్చడం వల్ల హేమ పని కష్టమయింది తప్ప ఆమెకు కావలసినది మారలేదు. 59వ పేజీలో ఆమె ఒక సాక్ష్యం కోసం తిరుగుతోంది, 62వ పేజీలో ఇంకో సాక్ష్యం కోసం తిరుగుతోంది. ప్రేక్షకుడు గంటసేపు చూసిన పనినే మరో గంట చూడవలసి వస్తోంది. సెకండాఫ్ సాగుతోందని మీ పాఠకులు చెబుతున్నది దీని గురించే. సీన్లు కత్తిరించినా, ఫైట్లు చేర్చినా ఈ ఇబ్బంది పోదు, ఎందుకంటే లోపం వేగంలో లేదు.

ముందు ఒక చిన్న పరీక్ష చేయండి. "హేమకు ఫలానాది కావాలి, ఎందుకంటే ఫలానా" అనే వాక్యాన్ని 55వ పేజీ దగ్గర ఒకసారి, 65వ పేజీ దగ్గర ఒకసారి రాయండి. మీ ప్రస్తుత స్క్రిప్టులో రెండు చోట్లా ఒకే వాక్యం వస్తుంది: అన్న నిర్దోషి అని రుజువు కావాలి, ఎందుకంటే తనను చదివించి పెంచిన అన్నకు ఆమె రుణపడి ఉంది. వాక్యంలో మొదటి సగం మారి రెండో సగం నిలిచి ఉంటే అది మనం కోరుకునే మలుపు. రెండు సగాలూ మారితే ఇంటర్వెల్ తర్వాత వేరే సినిమా మొదలవుతుంది. మొదటి గంటలో హేమ మీద పెంచుకున్న మమకారం అక్కడ పనికిరాదు. ఈ రెండో ప్రమాదం గురించి ఎవరూ పెద్దగా హెచ్చరించరు. కోరిక మారాలన్న మాట విని కొందరు రచయితలు మనిషినే మార్చేస్తారు, అప్పటిదాకా భయస్తురాలిగా ఉన్న అమ్మాయి ఒక్క సీనులో ప్రతీకార దేవత అవుతుంది. మారవలసినది ఆమె ఏం సాధించాలనుకుంటోంది అన్నది మాత్రమే. ఎందుకు సాధించాలనుకుంటోంది అన్నది చివరి పేజీ దాకా ఆమెతోనే ఉండాలి.

ఈ పద్ధతి పాతదే. సోఫోక్లిస్ రాసిన ఈడిపస్ నాటకంలో మొత్తం 1530 పంక్తులు ఉంటే, సుమారు 716వ పంక్తి దగ్గర రాణి యొకాస్టా ఒక మాట అంటుంది: పాత రాజును మూడు దారులు కలిసే చోట దొంగలు చంపారని. జోస్యాలను నమ్మనక్కర లేదని, ఆ హత్య విచారిస్తున్న తన భర్త ఈడిపస్‌కు ధైర్యం చెప్పడానికే ఆమె ఆ సంగతి ఎత్తుతుంది. అయితే ఈడిపస్ ఒకప్పుడు అలాంటి కూడలిలోనే ఒకరిని చంపి ఉన్నాడు. అప్పటిదాకా అతనికి హంతకుడు దొరకాలి. ఆ పంక్తి తర్వాత ఆ హంతకుడు తాను కాకూడదు. చిత్రమేమిటంటే, అతను చేసే పని పైకి ఏమీ మారదు. విచారణ ఆగదు, బతికి బయటపడిన ఒకే ఒక్క సేవకుణ్ణి పిలవమని కబురు పెడతాడు. కాని ఇప్పుడు ఆ సేవకుడు వచ్చి "చంపినవాళ్ళు ఒకరు కాదు, చాలామంది" అని చెప్పాలని అతని ఆశ. పరిస్థితి తలకిందులు కావడమూ, తెలియని సత్యం తెలియడమూ ఒకే క్షణంలో జరిగితే అది అన్నింటికన్నా మేలైనదని అరిస్టాటిల్ తన కావ్యశాస్త్రంలో చెబుతూ ఈ నాటకాన్నే ఉదాహరణగా తీసుకున్నాడు. మనకు కావలసిన విషయం అందులోనే ఉంది: బయట నుంచి వచ్చి పడే దెబ్బ అవరోధాన్ని పెంచుతుంది, పాత్రకు కొత్తగా తెలిసే సంగతి కోరికను మారుస్తుంది. మీ సాక్షి మాట మార్చడం దెబ్బ. దానివల్ల హేమకు కొత్తగా తెలిసినది ఏమీ లేదు.

ఇప్పుడు మీ కథనే తీసుకుని చూద్దాం. ఫస్టాఫ్‌లో హేమ వెతకవలసినది సాక్షిని కాదు, ఒక వస్తువును అనుకోండి. సేఫ్టీ వాల్వ్ పరీక్షల రిజిస్టరు పేలుడులో కాలిపోయిందని కంపెనీ చెబుతోంది. ఆ రిజిస్టరు ఎక్కడో ఉందని, అందులో అన్న సంతకం ఉంటే నింద పోతుందని హేమ నమ్మకం. గంటసేపు ఆమెకు కావలసినది ఆ పుస్తకమే. దానికోసం చనిపోయినవారి కుటుంబాలను కూడగడుతుంది, భయపడుతున్న పాత మేస్త్రీని ఒప్పిస్తుంది. 60వ పేజీలో పుస్తకం దొరకాలి, దొరకకుండా పోవడం కాదు. మధ్యలో హీరోను ఓడించడం తేలిక కనుక అందరూ అదే చేస్తారు. నేనైతే వీలున్న ప్రతిచోటా గెలిపించమంటాను, ఎందుకంటే కోరిక నెరవేరిన క్షణంలోనే అది తనకు అక్కర లేనిదని పాత్రకు తెలియడంలో ఉన్న బలం ఓటమిలో ఉండదు. ఓడిపోయిన మనిషి మళ్ళీ అదే ప్రయత్నం చేయగలడు. గెలిచి, ఆ గెలుపు ఏమిటో చూసిన మనిషికి వెనక్కి వెళ్ళే దారి లేదు.

పుస్తకంలో రఘు సంతకం ఉంటుంది. పక్కన మేనేజరు సంతకం కూడా ఉంటుంది, చూసి ధ్రువీకరించినట్టు. చూసినవారెవరైనా రఘు నిర్దోషి అనే అంటారు. కాని సంతకం కింద ఉన్న తేదీ మార్చి 14. ఆ రోజు రఘు ఫ్యాక్టరీలో లేడు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా హేమ పరీక్షా కేంద్రం బయట చెట్టు కింద కూర్చుని ఉన్నాడు. అంటే చేయని పరీక్షకు తర్వాత ఎప్పుడో సంతకం పెట్టాడు. అదే తేదీతో, అదే సంతకంతో కింది వరుసలో రెండో బాయిలర్ వాల్వ్ కూడా పరీక్షించినట్టు ఉంది. ఆ బాయిలర్ పేలలేదు. ప్రమాదం తర్వాత ఆపి ఉంచారు, పది రోజుల్లో మళ్ళీ వెలిగిస్తారు. కాగితం మీద పరీక్ష అయిపోయింది కాబట్టి దాన్ని మళ్ళీ ఎవరూ పరీక్షించరు.

ఇక్కడ ఏం జరిగిందో నిదానంగా చూడండి. ఏ పుస్తకం అన్న పరువు నిలబెడుతుందని ఆమె ఇంతకాలం వెతికిందో, దాన్ని ఉన్నది ఉన్నట్టు బయటపెడితే అన్న పరువు నిజంగానే నిలుస్తుంది, రెండో బాయిలర్ దగ్గర మనుషులు చచ్చిపోవచ్చు. అది అబద్ధమని చెబితే బాయిలర్ ఆగుతుంది, అన్న మీద కంపెనీ వేసిన నిందను చెల్లెలే రుజువు చేసినట్టవుతుంది. కోరిక "అన్న నిర్దోషి కావాలి" నుంచి "ఆ బాయిలర్ ఆగాలి"కి మారింది. కారణం మాత్రం మారలేదు, ఇంకా బరువెక్కింది: రఘు ఆ రోజు పని వదిలి వచ్చింది ఆమె కోసమే. ఆ రుణం తీర్చుకోవడం అంటే అన్నను కాపాడటమా, అన్న వల్ల జరగబోయే రెండో ఘోరాన్ని ఆపడమా అన్నది సెకండాఫ్ మొత్తం నడిచే ప్రశ్న. కొత్త కోరికకు చెల్లించవలసిన మూల్యం పాత కోరికే అయినప్పుడు, ఫస్టాఫ్‌లో ఆమె గెలుచుకున్న ప్రతిదీ ఇప్పుడు ఆమె పోగొట్టుకోవలసినది అవుతుంది. రెండో సగం పైకి లేవడానికి నాకు తెలిసినంతలో ఇంతకన్నా నమ్మకమైన ఏర్పాటు లేదు.

ఆ అబద్ధాన్ని హేమ ఒక్కతే గుర్తించగలదన్నది మరో లాభం. ఒక విలన్ వచ్చి చెప్పినా, మేస్త్రీ ఏడుస్తూ ఒప్పుకున్నా ఆ సంగతి ఇద్దరికి తెలిసినట్టే. అప్పుడు హేమ మౌనంగా ఉండే అవకాశం పోతుంది, అవకాశం పోతే నిర్ణయం కూడా పోతుంది. ఆమె నోరు విప్పకపోతే ఎప్పటికీ బయటపడని సంగతి అయితేనే ఆ తర్వాత ఆమె వేసే ప్రతి అడుగూ ఆమె సొంతమవుతుంది.

ఈ సీను పని చేయాలంటే రెండు విషయాలు ముందే నాటి ఉండాలి, రెండూ వేర్వేరు చోట్ల. 8వ పేజీలో పరీక్ష రోజు సీను ఉండాలి, అన్నాచెల్లెళ్ళ ప్రేమ చూపించే సీనుగా మాత్రమే; వాళ్ళిద్దరూ ఆ చెట్టు కింద ఒక ఫొటో తీసుకుంటారు. 30వ పేజీ ప్రాంతంలో ఆ ఫొటో మరో పని మీద తెర మీదికి రావాలి, ఏ కుటుంబానికో అన్న ఎలా ఉండేవాడో చూపిస్తున్నప్పుడు, మూలన తేదీ కనిపించేలా. సంఘటనను, తేదీని ఒకే సీనులో పెడితే ప్రేక్షకుడు అప్పుడే పసిగడతాడు. విడదీసి పెడితే 60వ పేజీలో హేమతో పాటు తానే లెక్క కడతాడు. అలా తాను కట్టుకున్న లెక్క, ఎవరో చెప్పిన రహస్యం కంటే ఎక్కువ కాలం మనసులో ఉంటుంది.

సీను రాసేటప్పుడు నోటితో ఏదీ వివరించకండి. నేనైతే ఇలా రాస్తాను:

స్టోర్‌రూమ్. రాత్రి. మేస్త్రీ టార్చిలైటు పట్టుకుంటాడు. హేమ పేజీలు తిప్పుతుంది. రఘు సంతకం. ఆమె వేలు దాని మీద ఆగుతుంది.
మేస్త్రీ: గెలిచామమ్మా. ఇంకెవడు మాట్లాడతాడో చూద్దాం.
హేమ నవ్వబోతుంది. వేలు పక్కకు జరిగి తేదీ మీద ఆగుతుంది. చాలాసేపు కదలదు. తర్వాత కింది వరుసకు దిగుతుంది.
హేమ: రెండో బాయిలర్ ఎప్పుడు వెలిగిస్తారు?
మేస్త్రీ: వచ్చే సోమవారం. ఏం?
ఆమె పుస్తకం మూస్తుంది.

ఇంటర్వెల్ కార్డు అక్కడే పడాలి. ఆమె అడిగిన ప్రశ్నలోనే కొత్త కోరిక బయటపడింది, గడువు కూడా పడింది, మేస్త్రీకి మాత్రం ఏమీ తెలియదు. "నువ్వు ఆ రోజు నాతో ఉన్నావు కదా అన్నయ్యా" లాంటి ఒక్క వాక్యం చేరిస్తే సీను చచ్చిపోతుంది. పెద్ద శబ్దంతో, పరుగులతో ఇంటర్వెల్ పడాలని నిర్మాతలు అడగడం సహజమే. శబ్దం ఉండనివ్వండి, కాని బయటికి వెళ్ళే ప్రేక్షకుడి నోట ఉండవలసిన మాట "ఇది ఎవరు చేశారు" కాకుండా "ఇప్పుడు ఈమె ఏం చేస్తుంది" కావాలి. మొదటి ప్రశ్నకు జవాబు గతంలో ఉంటుంది, అందుకే అలాంటి ఇంటర్వెల్ తర్వాత ఇరవై నిమిషాల ఫ్లాష్‌బ్యాక్ వచ్చి కథ కుర్చీలో కూలబడుతుంది. రెండో ప్రశ్నకు జవాబు ముందు ఉంది.

తర్వాతి పదిహేను పేజీలే అసలు గడ్డుగా ఉంటాయి. చాలా స్క్రిప్టుల్లో 61వ పేజీలోనే హీరో కొత్త నిర్ణయం తీసుకుని బయలుదేరతాడు, అందువల్ల మలుపు ఉన్నా దాని బరువు తెలియదు. హేమ మొదట రెండూ దక్కించుకోవాలని చూడాలి. బాయిలర్ ప్రమాదకరమని పేరు లేని ఉత్తరం రాస్తుంది. తనిఖీ అధికారి వచ్చి రిజిస్టరు అడుగుతాడు. అప్పటికే బయటికి వచ్చిన ఆ పుస్తకంలో అతను చూసేది "పరీక్షించబడినది" అన్న మాటనే, తిరిగి వెళ్ళిపోతాడు. ఆమె బయటికి తెచ్చిన పుస్తకమే ఆమె ఉత్తరాన్ని అబద్ధం చేస్తుంది. తర్వాత రెండో బాయిలర్ మీద పని చేయబోయే వాళ్ళకు విడిగా చెప్పి చూస్తుంది. మీ అన్నే పరీక్షించాడు కదమ్మా, మాకు భయం లేదంటారు. అన్న మీద వాళ్ళకు అంత నమ్మకం కలిగించింది ఫస్టాఫ్‌లో ఆమే. ఈ రెండు ప్రయత్నాలూ విఫలమయ్యేసరికి 75వ పేజీ వస్తుంది. మధ్యేమార్గం లేదని ఆమెకే కాక ప్రేక్షకుడికీ తేలిపోతుంది. ఈ దశ లేకపోతే "ఇంకో దారి చూసుకోవచ్చు కదా" అన్న అనుమానం క్లైమాక్స్ దాకా వెంటాడుతుంది.

ప్రత్యర్థి కూడా తిరగాలి. ఇది మీ స్క్రిప్టులో తేలిగ్గా కుదురుతుంది. రిజిస్టరు దాచింది మేనేజరు, అందులో తన సంతకమూ ఉంది కనుక. అది బయటపడ్డాక అతనికి మేలు చేసేది ఆ తేదీ నిజమని అందరూ నమ్మడమే. కాబట్టి నిన్నటిదాకా రఘును నిందించినవాడు 80వ పేజీ ప్రాంతంలో హేమ ఇంటికి వచ్చి, "మీ అన్న నిజాయితీపరుడు, కంపెనీ తరఫున రాతపూర్వకంగా ఒప్పుకుంటాం, అన్ని కుటుంబాలకూ పరిహారం ఇస్తాం" అంటాడు. ఫస్టాఫ్ అంతా ఆమె అడిగినది అదే. విలన్ బెదిరించే సీను కంటే ఇది వంద రెట్లు భయంకరంగా ఉంటుంది, ఎందుకంటే ఆమె తల్లి పక్కనే కూర్చుని ఆ కాగితం వంక చూస్తూ ఉంటుంది. ఫస్టాఫ్‌లో ఆమె కూడగట్టిన కుటుంబాలు, మేస్త్రీ, తల్లి ఇప్పుడు ఎదురు వరుసలో ఉంటారు, వాళ్ళలో ఎవరూ చెడ్డవాళ్ళు కాకుండానే. కొత్త విలన్‌ను, కొత్త ఊరిని, కొత్త ప్రేమకథను తేనక్కర లేదు; ఉన్న మనుషులనే కొత్త కోరికకు ఎదురుగా నిలబెట్టితే చాలు.

రాసుకున్న తర్వాత సరిగ్గా వచ్చిందో లేదో చూడటానికి నేను వాడే పద్ధతి ఒకటుంది. 60 నుంచి 100 దాకా ఉన్న సీన్లను చీటీల మీద రాసి, ఒక్కొక్కటీ తీసి 60కి ముందు పెట్టి చూడండి. పేర్లు, ఒకటి రెండు డైలాగులు మారిస్తే ముందు కూడా ఇమిడిపోయే సీను ఉంటే, అది పాత కోరిక మీద నడుస్తున్న సీను. మీ ఇప్పటి స్క్రిప్టులో కొత్త సాక్షిని వెతికే సీన్లు, ఆఫీసు ముందు ధర్నా, లాయరుతో వాదన, ఇవన్నీ హాయిగా ముందుకు వెళ్ళిపోతాయని నా అంచనా. అలాంటివి రెండు మూడు ఉన్నా ఫరవాలేదు, సగానికి మించితే మలుపు పని చేయలేదని అర్థం. మేనేజరు ఇంటికి వచ్చే సీనును మాత్రం ఎంత ప్రయత్నించినా ముందు పెట్టలేరు. అక్కడ పెడితే కథే అయిపోతుంది.

ప్రతి కథకూ ఇది అవసరం లేదు. కూలిన గనిలో చిక్కుకున్న మనిషికి బయటపడటం తప్ప వేరే కోరిక పుట్టించడం కృతకం. అక్కడ మధ్యలో మారవలసినది బయటపడే దారి, లేదా ఎవరిని తోడు తీసుకుపోవాలన్నది. హాస్య కథల్లోనూ పాత్ర తన మొదటి పిచ్చినే చివరిదాకా పట్టుకు వేలాడటంలోనే రుచి ఉంటుంది. మీ కథలో మాత్రం ఒక మనిషి మరొక మనిషి గురించి నిజం తెలుసుకోవాలని బయలుదేరింది. అలా బయలుదేరిన కథలో తెలిసిన నిజం ఆమె అనుకున్నట్టే ఉంటే, ఆ రెండో గంట ఎందుకు నడుస్తోందో చెప్పడం ఎవరి తరమూ కాదు.

తిరగరాయడం మొదలుపెట్టేటప్పుడు 61వ పేజీ నుంచి వరుసగా వెళ్ళకండి. ముందు క్లైమాక్స్‌లో విచారణ అధికారి ఎదుట హేమ ఆ ఫొటోను బల్ల మీద పెట్టే సీను రాయండి, ఆమె ఏ మాటలతో చెబుతుందో అప్పుడు తెలుస్తుంది. తర్వాత మేనేజరు కాగితం తెచ్చే సీను, ఆ తర్వాత రిజిస్టరు దొరికే సీను, చివరగా 8వ పేజీ. ఆ నాలుగూ ఒకదానికొకటి అతికాయని మీకు నమ్మకం కుదిరాక మిగతా పేజీలు తెరవండి. మాట మార్చిన సాక్షి అప్పటికి కథలో అవసరం లేకుండా పోవచ్చు, పోతే పోనివ్వండి.